డాక్టరు గారు ఎంతమంది?

షుగర్ ఉన్నవాళ్ళు మధ్యలో మాత్రలు ఎందుకు మానేస్తారో తెలుసుకోవాలని ఒక ప్రాజెక్టు. ప్రశ్నలు ఢిల్లీలో ఇంగ్లీషులో పుడతాయి. జవాబులు గుంటూరు జిల్లా అరుగుల మీద తెలుగులో దొరుకుతాయి. అవి మళ్ళీ ఇంగ్లీషై ఢిల్లీ చేరతాయి. మధ్యలో రికార్డరు పట్టుకుని కూర్చునే ఉద్యోగం నాది.

ప్రశ్నల గైడును ఎవరో ఏజెన్సీ వాళ్ళు తెలుగు చేశారు. మొదటి ప్రశ్న ఇది: "మీ మధుమేహంతో కూడిన ఒక సాధారణ దినమును వివరించగలరా?" దీన్ని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషు చేయించి, అసలుతో పోల్చి చూశారు. ఎక్కడా తేడా రాలేదు. రాదు కూడా. తెలుగు ఎంత కొయ్యబారి ఉంటే అంత శుభ్రంగా ఇంగ్లీషులోకి తిరిగి వెళ్ళిపోతుంది. అర్థం తప్పితే ఆ పరీక్షలో దొరుకుతుంది గానీ, ఏ మనిషి నోటా రాని వాక్యం దొరకదు. అది దొరకాలంటే అసలు పని మొదలుపెట్టే ముందు ఆ ఊరి వాళ్ళనే కొందరిని కూర్చోబెట్టి అడిగి చూడాలి. గడువు తక్కువుందని ఆ మెట్టు దాటేశారు.

అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమ్మ ప్రశ్న మొత్తం విని, "వివరించగలను" అంది. అని ఊరుకుంది. నేను ఎదురు చూశాను. ఆవిడా ఎదురు చూసింది. కాసేపటికి జాలిపడి, "మధుమేహం మా ఇంట్లో ఎవరికీ లేదు బాబూ. నాకున్నది షుగరు" అంది.

గైడు మూసేసి, "పొద్దున్నే లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తారో చెప్పండి పెద్దమ్మా" అన్నాను. అంతే, ఇక రికార్డరుకి ఊపిరాడలేదు. అడిగింది అత్తగారినైనా సగం జవాబులు కోడలు చెప్పింది. మిగతా సగం మీద కుక్కరు విజిళ్ళు వేసింది.

గంట ఆడియోని ఉన్నదున్నట్టు తెలుగులో రాయాలంటే నాలుగు గంటలకు తక్కువ పట్టదు. ఎవరు మాట్లాడారో, ఎన్నో నిమిషంలో మాట్లాడారో పక్కనే వెయ్యాలి. నవ్వితే బ్రాకెట్లో నవ్వు, వినబడకపోతే బ్రాకెట్లో వినబడలేదని. అక్కడిదాకా నా పని. దాన్ని ఇంగ్లీషు చెయ్యడానికి వేరే కుర్రాడున్నాడు. పెద్దమ్మని అతను చూడలేదు, అరుగునీ చూడలేదు.

పెద్దమ్మ మాటలు ఇలా ఉన్నాయి: "మొన్న ఆస్పత్రికెళ్తే చూశారు, బిళ్ళలు రాశారు, రోజూ నడవమన్నారు. మానేశానని తెలిసి ఇంట్లో కోప్పడ్డారు. ఇవి ఎక్కువ రోజులు మింగితే కిడ్నీలు పోతాయట."

ఎవరు చూశారో, ఎవరు కోప్పడ్డారో ఇందులో లేదు. తెలుగులో ఉండక్కర్లేదు. ఆస్పత్రిలో చూసింది డాక్టరు గారు, ఇంట్లో కోప్పడింది వాళ్ళాయన. పేరెత్తకుండా బహువచనంలో చెబితే సరిపోతుంది. ఇంగ్లీషుకి అలా కుదరదు, కర్త కావాలి. కుర్రాడు రెండు చోట్లా "వాళ్ళు" అని పెట్టాడు. చివరి వాక్యంలోని "ట"ని మాత్రం పూర్తిగా మింగేశాడు. కిడ్నీలు పోతాయని ఇప్పుడు సాక్షాత్తూ పెద్దమ్మే ప్రకటించింది.

ఢిల్లీ మేడమ్ గారికి ఆ ఇంగ్లీషు ఒక్కటే దిక్కు. ఆవిడ శ్రద్ధగా చదివి, ముక్క ముక్కకీ అది దేని గురించో తెలిపే కోడ్ వేసి, రిపోర్టు తయారుచేశారు. పేషెంటును వైద్యబృందం ఉమ్మడిగా పరీక్షిస్తోంది. ఇంట్లో కుటుంబసభ్యులందరి ఒత్తిడి ఉంది. అయినా మందుల మీద ఆమెకున్న గాఢమైన అపనమ్మకమే మానేయడానికి కారణం. తప్పు పట్టలేం, కాగితం మీద ఉన్నది అదే మరి.

ఈ పద్ధతిలో నాకు నచ్చే మెట్టు ఒకటుంది. తేలిందేమిటో తీసుకెళ్ళి, చెప్పినవాళ్ళకే వినిపించి, ఔనా కాదా అని అడగాలి. వెళ్ళి వినిపించాను.

"వైద్యబృందమంటే?"

"నలుగురైదుగురు డాక్టర్లు కలిసి చూడటం పెద్దమ్మా."

"ఒక్కాయనే కదయ్యా! ఆయన కూడా రోజూ రాడు." కోడలి వైపు తిరిగి, "మిగతావాళ్ళు ఏ రోజున వస్తారంటావే?" అంది.

కిడ్నీల సంగతి ఎత్తాను. "అది పక్కింటావిడ కూత. దానికేం తెలుసు? మినుము కోతల్లో ఆస్పత్రికి పోతే ఆ పూట కూలి పోతుంది. బిళ్ళలు అయిపోయినా తెచ్చుకోలేదు, అంతే. కోతలయ్యాక మళ్ళీ వేసుకుంటున్నాగా!"

ఈ ముక్క పాత ఆడియోలో కూడా ఉంది. కుక్కరు విజిల్ కింద ఉంది. రాతలో బ్రాకెట్లో "వినబడలేదు" అని ఉంది.

మేడమ్ గారు కంగారుపడి కొత్త రూలు పెట్టారు. ఇకనుంచి ఇంగ్లీషు పక్కనే తెలుగూ ఉండాలి, కర్త లేని చోట ఎవరో అడిగి రాయాలి, "అట" కనబడితే ఎవరన్నారో కూడా రాయాలి. కుర్రాడు రూలు తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. మొన్నొక రైతు "ఈసారి వానలు పడవట" అన్నాడని రాస్తే, ఎవరన్నారో కనుక్కురమ్మని నన్ను మళ్ళీ ఊరికి పంపారు.