బ్యాడ్మింటన్ డబుల్స్‌లో రెండో సర్వీస్ లేదు, ఆ రూల్ 2006లోనే పోయింది

బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడేవాళ్లలో చాలామంది ఇప్పటికీ ఈ నాలుగు మాటలు చెబుతుంటారు: "డబుల్స్‌లో ప్రతి జట్టుకీ రెండు సర్వీసులు. ఒకరు పోగొడితే పార్ట్‌నర్ చేస్తారు, వాళ్లూ పోగొడితేనే సర్వీస్ అవతలికి వెళ్తుంది. సర్వీస్ చేతికొచ్చినప్పుడల్లా కుడివైపు ఉన్నవాళ్లే మొదలుపెట్టాలి. పాయింట్ వస్తే ఇద్దరూ చోట్లు మారాలి. తప్పు చోటి నుంచి సర్వ్ చేస్తే పాయింట్ అవతలివాళ్లది."

ఇందులో మొదటి మూడు మాటలు ఎవరో కల్పించినవి కావు. 2006కి ముందు డబుల్స్ అలాగే ఆడేవారు. అప్పట్లో గేమ్ 15 పాయింట్లకి, సర్వ్ చేస్తున్న జట్టు ర్యాలీ గెలిస్తేనే పాయింట్. అవతలివాళ్లు గెలిస్తే స్కోరు కదలదు, సర్వీస్ మాత్రమే మారుతుంది. 2006లో ఈ పద్ధతి మొత్తం మారింది. గేమ్ 21 అయింది, సర్వ్ ఎవరు చేసినా ర్యాలీ గెలిచిన జట్టుకే పాయింట్ వస్తోంది. స్కోరు లెక్క మారిందని చాలామందికి తెలుసు. దాంతోపాటు సర్వీస్ క్రమం కూడా మారిందన్న సంగతే అందరికీ చేరలేదు. అందుకే కొత్త స్కోరుతో పాత సర్వీస్ క్రమం కలిపి ఆడుతున్నారు, గేమ్ మధ్యలో "ఇప్పుడు సర్వీస్ ఎవరిది?" అని ఆగిపోతున్నారు. ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు.

మొదటి మాట తేలిగ్గా తేలిపోతుంది. ఇప్పుడు జట్టుకి ఒక్కటే సర్వీస్. సర్వ్ చేస్తున్న జట్టు ర్యాలీ ఓడిందంటే అదే క్షణంలో రెండు జరుగుతాయి: పాయింట్ అవతలి జట్టుకి పోతుంది, సర్వీస్ కూడా అవతలికే పోతుంది. పార్ట్‌నర్‌కి ఇంకో అవకాశం ఉండదు. పాత మ్యాచ్‌లలో అంపైర్ నోటి వెంట "సెకండ్ సర్వర్" అని వినిపించేది. ఇప్పుడు వినిపించేది "సర్వీస్ ఓవర్" మాత్రమే, ఆ వెంటనే కొత్తగా సర్వ్ చేయబోయే జట్టు స్కోరు ముందు చెబుతారు.

అసలు చిక్కంతా రెండో మాటలో ఉంది, దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. సర్వీస్ తిరిగి వచ్చినప్పుడు ఎవరు చేయాలో చెప్పేది కుడివైపు కాదు, ఆ జట్టు సొంత స్కోరు. నెట్ వైపు తిరిగి నిలబడితే మన కుడిచేతి వైపు ఉన్నది కుడి సర్వీస్ కోర్టు. మన స్కోరు సున్నా గానీ సరి సంఖ్య గానీ అయితే కుడి కోర్టులో ఉన్నవాళ్లు సర్వ్ చేయాలి, బేసి సంఖ్య అయితే ఎడమ కోర్టులో ఉన్నవాళ్లు. అవతలివాళ్ల స్కోరుతో పని లేదు. సర్వీస్ ఐమూలగా ఎదురు కోర్టులో ఉన్నవాళ్లకి వెళ్తుంది.

మూడో మాటని కూడా ఇక్కడే తేల్చాలి, ఎందుకంటే ఈ రెండూ కలిస్తేనే క్రమం పనిచేస్తుంది. చోట్లు మారేది ఒకే ఒక్క సందర్భంలో: మనం సర్వ్ చేసి, మనమే ర్యాలీ గెలిచినప్పుడు. అప్పుడు సర్వ్ చేసినవాళ్లే పక్క కోర్టులోకి మారి మళ్లీ సర్వ్ చేస్తారు, పార్ట్‌నర్ ఈ కోర్టులోకి వస్తారు. అవతలివాళ్లు సర్వ్ చేస్తుండగా మనం ర్యాలీ గెలిచి పాయింట్ తెచ్చుకుంటే మన ఇద్దరం కదలకూడదు. సర్వీస్ పోగొట్టుకున్న జట్టూ కదలకూడదు. సర్వీస్ అందుకుంటున్న జట్టు ఎప్పుడూ చోట్లు మారదు.

ఒక గేమ్ మొదలునుంచి నడిపి చూద్దాం. ఒకవైపు అరుణ్, బాలు. మరోవైపు చందు, దీపక్. మొదట అరుణ్, చందు కుడి కోర్టుల్లో ఉన్నారు, బాలు, దీపక్ ఎడమ కోర్టుల్లో ఉన్నారు. స్కోరు 0-0, అరుణ్ కుడి నుంచి చందుకి సర్వ్ చేశాడు. అరుణ్ జట్టు గెలిచింది, 1-0. సర్వ్ చేసి గెలిచారు కాబట్టి అరుణ్ ఎడమకి, బాలు కుడికి మారారు. అరుణే ఈసారి ఎడమ నుంచి దీపక్‌కి సర్వ్ చేశాడు. ఈ ర్యాలీ చందు జట్టు గెలిచింది, 1-1. నలుగురిలో ఎవరూ కదల్లేదు. చందు జట్టు స్కోరు 1, బేసి. ఎడమలో ఉన్నది దీపక్, కాబట్టి సర్వీస్ దీపక్‌ది, అందుకునేది అరుణ్. గమనించండి, ఆ జట్టుకి గేమ్‌లో ఇదే మొదటి సర్వీస్, అది కుడి నుంచి కాకుండా ఎడమ నుంచి మొదలైంది. పాత అలవాటున్నవాళ్లు ఇక్కడే చందు చేతికి షటిల్ ఇస్తారు.

దీపక్ సర్వీస్ మీద అరుణ్ జట్టు గెలిచింది, వాళ్లకి 2, అవతల 1. మళ్లీ ఎవరూ కదల్లేదు. 2 సరి సంఖ్య, కుడిలో ఉన్నది బాలు. బాలు కుడి నుంచి చందుకి సర్వ్ చేశాడు. చందు జట్టు గెలిచింది, 2-2. వాళ్లకి 2, కుడిలో చందు, అతను బాలుకి సర్వ్ చేశాడు. ఈసారి సర్వ్ చేసిన చందు జట్టే గెలిచి 3కి వెళ్లింది, కాబట్టి చందు ఎడమకి, దీపక్ కుడికి మారారు. చందు ఎడమ నుంచి అరుణ్‌కి సర్వ్ చేశాడు. అరుణ్ జట్టు గెలిచింది, 3-3. వాళ్ల స్కోరు 3, ఎడమలో అరుణ్ ఉన్నాడు, సర్వీస్ మళ్లీ అతని దగ్గరికి వచ్చింది.

సర్వీస్ ఎవరెవరి చేతుల మీదుగా తిరిగిందో చూడండి: అరుణ్, దీపక్, బాలు, చందు, మళ్లీ అరుణ్. ఇది యాదృచ్ఛికం కాదు. రూల్ పుస్తకంలో ఉన్న క్రమం కూడా ఇదే: మొదట సర్వ్ చేసినవాళ్లు, తర్వాత మొదట అందుకున్నవాళ్ల పార్ట్‌నర్, తర్వాత మొదట సర్వ్ చేసినవాళ్ల పార్ట్‌నర్, తర్వాత మొదట అందుకున్నవాళ్లు. గేమ్ చివరిదాకా ఇది తప్పదు. ఎందుకు తప్పదో కూడా తేలిగ్గానే తెలుస్తుంది. అరుణ్ 1 దగ్గర ఎడమ నుంచి సర్వ్ చేసి ఓడాడు, అక్కడే ఉండిపోయాడు. వాళ్లకి సర్వీస్ తిరిగి రావాలంటే ఒక ర్యాలీ గెలవాలి, గెలిస్తే స్కోరు 2 అవుతుంది. అంటే సర్వీస్ తిరిగొచ్చేసరికి బేసి సరిగా మారి ఉంటుంది, సరి బేసిగా మారి ఉంటుంది. ఆ కోర్టులో ఉండేది ఎప్పుడూ పార్ట్‌నరే. కాబట్టి సర్వీస్ మనకి తిరిగొచ్చినప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: కిందటిసారి నేను చేస్తే ఇప్పుడు నా పార్ట్‌నర్ చేయాలి.

పాతకాలం ఆటగాళ్లు చాలామంది వాడే ఇంకో గుర్తు ఉంది: "గేమ్ మొదట్లో నేను కుడిలో ఉన్నాను, కాబట్టి మా స్కోరు సరి అయినప్పుడల్లా నేను కుడిలోనే ఉండాలి." పాత పద్ధతిలో పాయింట్ సొంత సర్వీస్ మీదే వచ్చేది, వచ్చిన ప్రతిసారీ చోట్లు మారేవారు, అందుకని ఆ గుర్తు సరిగ్గా పనిచేసేది. ఇప్పుడు పనిచేయదు. పై గేమ్‌లో అరుణ్ జట్టు 2 దగ్గర ఉన్నప్పుడు అరుణ్ ఎడమలో ఉన్నాడు, అది సరైన చోటే. పాత గుర్తు నమ్మి కుడికి వెళ్లి ఉంటే అక్కడినుంచి క్రమం మొత్తం తలకిందులయ్యేది. బాగా ఆడేవాళ్లు కూడా తడబడేది ఎక్కువగా దీనివల్లేనని నా అభిప్రాయం.

దాని బదులు ఈ గుర్తు పెట్టుకోండి. రెండు జట్లలోనూ, అందరికంటే చివర సర్వ్ చేసినవాళ్లు తమ జట్టు స్కోరుకి తగ్గ కోర్టులో ఉండాలి: సరి అయితే కుడి, బేసి అయితే ఎడమ. సర్వీస్ అందుకుంటున్న జట్టుకి కూడా ఇది వర్తిస్తుంది, ఎందుకంటే సర్వీస్ పోగొట్టుకున్నాక వాళ్ల స్కోరు కదిలి ఉండదు, కదిలితే సర్వీస్ వాళ్ల దగ్గరే ఉండేది. పై గేమ్‌లో చందు జట్టు 3, అరుణ్ జట్టు 2 ఉన్నప్పుడు చూడండి. చందు సర్వ్ చేస్తున్నాడు, 3 బేసి, ఎడమలో ఉన్నాడు. అవతల చివర సర్వ్ చేసింది బాలు, 2 సరి, కుడిలో ఉన్నాడు. లెక్క సరిపోయింది. స్కోరు, చివరి సర్వర్లు గుర్తుంటే చాలు, నలుగురి చోట్లూ మళ్లీ పేర్చుకోవచ్చు. గేమ్ మొదట్లో ఇంకా సర్వ్ చేయని జట్టు మాత్రం మొదట నిలబడిన చోట్లలోనే ఉంటుంది.

టీవీలో చూసి అయోమయపడేవాళ్లకి ఒక మాట. మిక్స్‌డ్ డబుల్స్‌లో అతను సర్వ్ చేస్తుంటే ఆమె నెట్ దగ్గర ముందు నిలబడి ఉంటుంది, ఒక్కోసారి రెండు కోర్టులనీ విడదీసే గీత మీదే ఉన్నట్టుంటుంది. అది తప్పు కాదు. సర్వ్ చేసేవాళ్లు, అందుకునేవాళ్లు మాత్రమే తమ తమ సర్వీస్ కోర్టుల్లో ఉండాలి. వాళ్ల పార్ట్‌నర్లు ఎదుటి సర్వర్‌కి, రిసీవర్‌కి అడ్డుగా కనిపించకుండా తమవైపు ఎక్కడైనా నిలబడొచ్చు. సర్వీస్ పడ్డాక ఎవరు ఎటు పరిగెత్తినా అడిగేవారు లేరు. ర్యాలీ ముగిసిన చోట ఎవరున్నారన్నది లెక్కలోకి రాదు, మళ్లీ ఎవరి కోర్టుకి వాళ్లు రావాలి.

నాలుగో మాట ఆటలో ఎక్కువ గొడవలు పెట్టిస్తుంది. వంతు కాని మనిషి సర్వ్ చేసినా, వంతు కాని మనిషి అందుకున్నా, తప్పు కోర్టు నుంచి సర్వ్ చేసినా దానికి శిక్ష లేదు. తప్పు బయటపడగానే చోట్లు సరిచేయాలి, అప్పటికి ఉన్న స్కోరు అలాగే ఉంటుంది. గెలిచిన పాయింట్ వెనక్కి తీసుకోరు, ర్యాలీ మళ్లీ ఆడించరు. అంటే 14-12 దగ్గర ఎవరో "రెండు పాయింట్ల నుంచీ మీరు తప్పుగా నిలబడుతున్నారు" అన్నా ఆ రెండు పాయింట్లూ పోవు, సరిగ్గా నిలబడి 14-12 నుంచే ఆడాలి.

పాయింట్ నిజంగా పోయే సందర్భం వేరే ఉంది, దాన్ని దీనితో కలిపేస్తుంటారు. సర్వీస్ రిసీవర్ వైపు వస్తుంటే అతని పార్ట్‌నర్ చేయి చాచి కొట్టాడనుకోండి, అది ఫాల్ట్, పాయింట్ సర్వ్ చేసిన జట్టుకే. సర్వీస్‌ని తిప్పికొట్టాక ఆ జట్టులో ఎవరైనా ఆడొచ్చు, వంతులు అక్కర్లేదు.

ఇక మిగిలినవి చిన్నవి. 20-20 అయితే రెండు పాయింట్ల తేడా రావాలి, 29-29 దాకా వెళ్తే 30వ పాయింట్ ఎవరిదైతే గేమ్ వాళ్లది. గేమ్ గెలిచిన జట్టు తర్వాతి గేమ్‌లో ముందు సర్వ్ చేస్తుంది, ఇద్దరిలో ఎవరు మొదలుపెట్టాలో వాళ్లిష్టం, ఓడిన జట్టులో ఎవరు అందుకోవాలో వీళ్లిష్టం. కిందటి గేమ్ క్రమం అక్కడితో సరి. మూడో గేమ్‌లో ఒక జట్టు 11కి చేరగానే నెట్‌కి అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు మారతారు, కానీ సర్వీస్ క్రమం, కుడి ఎడమ కోర్టులు ఎలా ఉన్నాయో అలాగే కొనసాగుతాయి.