స్క్రీన్‌షాట్ పంపాను కదండీ!

ఈ రోజు సాయంత్రం ఒక పార్సెల్ నా చేయి దాటిపోయింది, దాని డబ్బు మాత్రం నా ఖాతాకు చేరలేదు. రెండు రాత్రులు కూర్చుని కుట్టిన ఆరు గుడ్డ సంచులు ఎవరి భుజానికో వేలాడుతున్నాయన్న ఊహకే ఒళ్ళు మండిపోతోంది. కోపం తగ్గాక రాయమని మా చెల్లెలు అంటోంది. కోపం తగ్గాక ఇలాంటివి ఎవరూ రాయరు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

4:12కి, సంచులు కొన్న ఆవిడ నుంచి డబ్బు వేసినట్టు స్క్రీన్‌షాట్ వచ్చింది. పచ్చటి టిక్కు, నా పేరు, 2,280 మొత్తం, ఈ రోజు తేదీ, కింద రిఫరెన్స్ నంబర్, అన్నీ ఉన్నాయి. 4:20కి ఆవిడ పంపిన డెలివరీ అబ్బాయి గుమ్మం ముందు నిలబడ్డాడు. "అబ్బాయి ఎదురుచూస్తున్నాడండీ, వెయిటింగ్ చార్జీ నాకు పడుతోంది, డబ్బు వేశాను కదా" అని వరసగా మూడు మెసేజ్‌లు పెట్టింది. సరిగ్గా అప్పుడే చెల్లెలి ఫోనుకు "మీ ఖాతాలో 2,280 జమ అయింది" అని ఒక సందేశం వచ్చింది. నేను మిషన్ మీద ఉన్నాను. "అక్కా, డబ్బు పడింది, ఇచ్చేయనా?" అని అడిగితే తల ఎత్తకుండానే ఇచ్చేయమన్నాను. ఆ సందేశం బ్యాంకు పేరుతో కాక మామూలు మొబైల్ నంబరు నుంచి వచ్చిందనీ, అసలు బ్యాంకులో ఉన్నది నా నంబరే తప్ప చెల్లెలిది కాదనీ మా ఇద్దరికీ తట్టింది రాత్రి తొమ్మిదింటికి.

రాత్రి లెక్క చూస్తూ ఆ రిఫరెన్స్ నంబరును నా ఖాతా లావాదేవీల్లో వెతికాను. దొరికింది! మూడు వారాల కిందట ఇదే మనిషి ఒక చిన్న పర్సు కొని, నిజంగానే 280 పంపింది. ఆనాటి అసలు స్క్రీన్‌షాట్‌లో 280కి ముందు ఒక 2 చేర్చి, తేదీ, సమయం మార్చి, నంబరును మాత్రం ముట్టుకోకుండా మళ్ళీ నాకే పంపింది. ఒక్కొక్కటి 380 చొప్పున ఆరు సంచులే ఎందుకు అడిగిందో, ఐదో ఏడో ఎందుకు అడగలేదో ఇప్పుడు అర్థమవుతోంది. ఆ లెక్కేదో మా స్కూల్లో చెప్పి ఉంటే నేనూ బాగుపడేదాన్ని.

ఈ సంగతి అమ్మకందారుల గ్రూపులో పెడితే ఓదార్పు రాలేదు గానీ పాఠాలు వచ్చాయి. "అక్షరాల ఫాంట్ తేడా చూడలేదా", "అంకెల మధ్య ఖాళీ గమనించలేదా" అని పెద్దలు సెలవిచ్చారు. అయ్యా, బొమ్మలో తప్పులు వెతకడం ఎంతకాలం పనికొస్తుంది? చెల్లింపు యాప్‌ను అచ్చుగుద్దినట్టు అనుకరించే దొంగ యాప్‌లు ఉన్నాయి. పేరు, మొత్తం టైపు చేస్తే చాలు, టిక్కు తిరుగుతుంది, శబ్దం మోగుతుంది, ఎదురుగా నిలబడి ఫోను చూపించినా పట్టుకోలేము. అక్కడ వెతకడానికి ఫాంటు తప్పే ఉండదు. పైగా స్క్రీన్‌షాట్ నూటికి నూరుపాళ్ళు అసలైనదే అయినా డబ్బు రాకపోవచ్చు: రేపటికి షెడ్యూల్ చేసిన బదిలీ కావచ్చు, పెండింగ్‌లో పడి తరువాత విఫలమై ఉండవచ్చు, నా పేరే ఉన్న మరొకరి ఖాతాకు వెళ్ళి ఉండవచ్చు. ఆ బొమ్మ చెప్పేది ఆమె ఫోనులో ఏం కనిపించిందన్నదే, నా ఖాతాలో ఏముందో దానికి తెలియదు.

అసలు నా మంట ఆ దొంగ మీద సగమే. మిగతా సగం మన మీదే. ప్రతి పోస్టు కింద "డబ్బు పంపి స్క్రీన్‌షాట్ పెట్టండి" అని రాసి ఈ అలవాటు నేర్పింది మనం కాదా? బొమ్మ ఇస్తే సరుకు ఇస్తామని మనమే చాటింపు వేసి, వాళ్ళు బొమ్మే ఇస్తే మోసమని గుండెలు బాదుకుంటున్నాము. నేనూ నాలుగేళ్ళుగా అదే రాశాను, ఈ రాత్రే చెరిపేశాను.

ఇకపై నేను చేసేది ఇది. కొన్నవారు పంపిన లింకు గానీ, నోటిఫికేషన్ గానీ నొక్కకుండా నా బ్యాంకు యాప్‌ను నేనే తెరుస్తాను. సందేశాన్ని బ్యాంకు పేరుతోనే పంపించే మాయలు కూడా ఉన్నాయి, అవి అసలు సందేశాల వరసలోనే వచ్చి కూర్చుంటాయి. లావాదేవీల జాబితాను రిఫ్రెష్ చేసి, ఈ ఆర్డరు తాలూకు లైను కోసం చూస్తాను. మొత్తం, సమయం, పంపినవారి పేరు సరిపోవాలి, ఎదురుగా పెండింగ్ అని కాక జమ అయినట్టు ఉండాలి, ముందున్న బ్యాలెన్స్‌కు ఈ మొత్తం కలిపితే ఇప్పటి బ్యాలెన్స్ రావాలి. రిఫరెన్స్ నంబరును బొమ్మగా కాక టైపు చేసి పంపమని అడిగి, ఆర్డరు పుస్తకంలో ఆ ఆర్డరు పక్కన రాసుకుంటాను. ఒకసారి పుస్తకానికి ఎక్కిన నంబరు రెండోసారి వస్తే అక్కడే దొరికిపోతుంది. కొన్ని రకాల బదిలీల్లో రెండు వైపులా వేర్వేరు నంబర్లు కనిపిస్తాయి కనుక, నంబరు కలవనంత మాత్రాన ఎవరినీ దొంగ అనను. కానీ లైనే లేకపోతే పార్సెల్ కదలదు. ఒకే రోజు ఇద్దరు 2,280 పంపితే ఎవరిది ఎవరిదో తేలదు కాబట్టి, ఒకరికి 2,281, మరొకరికి 2,282 అని చివరి అంకె మార్చి బిల్లు చెబుతాను.

బ్యాంకు సర్వరు నెమ్మదిగా ఉందంటారా, ఉండనివ్వండి. నిజంగా పంపిన డబ్బు ఆలస్యంగానైనా నా దగ్గరికి వస్తుంది, లేదా వెనక్కి వారికే వెళుతుంది. ఎటూ కాకుండా గాలిలో నిలిచిపోయేది నా సరుకు ఒక్కటే. "పొరపాటున ఒక సున్నా ఎక్కువ వేశాను, మిగతాది తిరిగి పంపండి" అనేవారికీ ఇదే జవాబు. రాని డబ్బులోంచి తిరిగి ఇవ్వడమంటే నా సొంత డబ్బు పంచిపెట్టడమే.

ఇంత చూసినా పూర్తి భద్రత వస్తుందని అనను. చెక్కు జమ చేసినప్పుడు బ్యాలెన్స్‌లో కనిపించిన మొత్తం, చెక్కు చెల్లకపోతే వెనక్కి పోతుంది. కార్డు చెల్లింపుపై తరువాత అభ్యంతరం పెట్టవచ్చు. దొంగిలించిన ఖాతా నుంచి వచ్చిన డబ్బును బ్యాంకు స్తంభింపజేయవచ్చు. ఖాతా చూసుకోవడం వల్ల తెలిసేది డబ్బు వచ్చిందా లేదా అన్నంతవరకే, కానీ ఈ రోజు నా కొంప ముంచింది ఆ మొదటి మెట్టే.

కొరియర్ అయి ఉంటే వెంటనే ఫోను చేసి పార్సెల్‌ను ఆపి వెనక్కి తెప్పించుకునే వీలుండేది. ఆవిడ సొంతంగా మనిషిని పంపడంలోని తెలివి అదే. చాట్, బొమ్మ, దొంగ సందేశం వచ్చిన నంబరు, డెలివరీ అబ్బాయి బండి నంబరు (చెల్లెలు కనీసం అది చూసింది, బంగారం) అన్నీ జాగ్రత్త చేసి, పొద్దున్నే ఫిర్యాదు ఇవ్వబోతున్నాను.

ఇది రాస్తుండగానే వేరొకరి దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది: "స్క్రీన్‌షాట్ పంపానండీ, రేపు పంపిస్తారా?" ఖాతా తెరిచి చూశాను, ఇంకా లైను లేదు. ఆ సంచి బల్ల మీదే ఉంది.