యతి కుదిరింది సరే, అమ్మ ఏదీ?

"భక్తికి ఛందస్సు ఎందుకండీ, మనసుంటే చాలదా?" అని చెన్నైలో మన తెలుగువాళ్ళ నోట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మాట అనేవాళ్ళే ధనుర్మాసం రాగానే తెల్లవారకముందే లేచి తిరుప్పావై చదువుతారు. మొదటి పాశురం ఒకసారి గుర్తు చేసుకోండి. మార్గళి, నీరాడ, శీర్‌మల్గుం, కూర్‌వేల్, ఏరార్‌న్ద, కార్‌మేని, నారాయణనే, పారోర్. ఎనిమిది పాదాల్లోనూ రెండో చోట రకారమే పలుకుతుంది. తమిళులు దాన్ని ఎదుగై అంటారు, మనం ప్రాస అంటాం. ఆండాళ్ భక్తికి ఆ రకారం అడ్డొచ్చిందని ఈ ఊళ్ళో ఎవరూ అనగా నేను వినలేదు.

కానీ ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదని కూడా ఒప్పుకోవాలి. పాదం మొదటి అక్షరంతో జత కలవాల్సిన యతి స్థానం మీద వేలు పెట్టి చూసి, అక్షరం కుదిరితే "భేష్" అని తల ఊపేవాళ్ళే దాన్ని పుట్టించారు. నా కోపంలో పెద్ద వాటా వాళ్ళదే.

వెస్ట్ మాంబలంలో మేం కొందరం కలుసుకుని పద్యాలు చదువుకుంటాం. అక్కడ ఒకావిడ ఆటవెలది చదివారు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజులవి. ఆవిడ ఒప్పుకున్నాకే ఇక్కడ రాస్తున్నాను.

అమ్మ మంచమందు నలసిపోయినదయ్య
పరమపురుష దివ్యపాదపద్మ
చేరి కొలుతు నిన్ను శ్రీనివాసుడ వీవె
వేదవేద్య దేవ వేంకటేశ

గణాలన్నీ సరిగ్గా ఉన్నాయి. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి ప్రతి పాదంలోనూ కుదిరింది: అ-అ ("నలసి"లో నకారం ద్రుతానిది, యతి చెల్లేది దాని మీది అచ్చుకి), ప-పా, చే-శ్రీ, వే-వే. అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి పాదంలో మంచం మీదున్న అమ్మ రెండో పాదానికే ఏమైందని ఒక్కరూ అడగలేదు. మిగిలిన మూడు పాదాలూ ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కష్టంలోనైనా రాయగలిగినవే.

ఇలా ఎందుకవుతుందో చెప్తాను. "వేంకటేశ" మకుటం ఆటవెలది చివరి రెండు గణాలకూ సరిగ్గా సరిపోతుంది. అంటే ఆ "వే" నాలుగో గణం మొదట్లో, యతి స్థానంలోనే పడుతుంది. కాబట్టి నాలుగో పాదం ప, ఫ, బ, భ, వలలో ఒకదానితో, అదీ ఇ, ఈ, ఎ, ఏ స్వరాలతో మొదలవ్వాలి. (ఋ కూడా చెల్లుతుందిగానీ దాన్ని పక్కన పెడదాం.) పద్యాన్ని పైనుంచి రాసుకుంటూ వచ్చిన మనిషికి అక్కడ టెన్షన్ మొదలవుతుంది. చేతికి మొదట దొరికేది "వేదవేద్య". ఏ స్తోత్రంలోంచైనా తెచ్చి పెట్టుకోవచ్చు, యతి చెల్లుతుంది. రెండో పాదంలో "పరమపురుష" వచ్చి కూర్చున్నదీ ఇలాగే. నిజానికి ఆ పాదానికి "ప" కావాలని ఎవరూ అడగలేదు. మొదటి అక్షరాన్ని ఎంచుకునే స్వేచ్ఛ అక్కడ పూర్తిగా ఆవిడదే.

అందుకే మకుటం ఉన్న పద్యాన్ని కిందనుంచి రాయమంటాను. చివరి పాదానికి ఏ అక్షరాలు చెల్లుతాయో ముందే తెలుసు. వాటితో మొదలయ్యే మాటల్లో మన బాధకి దగ్గరివి ఏవని వెతకాలి. విను, వెతుకు, వేడు, పిలుపు, బిడ్డ, బెంగ, పేద, భీతి... ఎంత పెద్ద సంపదో చూడండి! నేను ఆవిణ్ణి అడిగింది ఒకటే: "ఇప్పుడు స్వామి ఎదురుగా ఉంటే ఏమంటారమ్మా?" ఆవిడ కాసేపు ఆగి, "ఏమీ అడగనండీ. నే చెప్పేది వింటే చాలు" అన్నారు. ఆ మాటలోనే నాలుగో పాదం దొరికింది. మిగతా రెండు పాదాలూ ఆవిడే అక్కడే మార్చుకున్నారు.

అమ్మ మంచమందు నలసిపోయినదయ్య
మందు లెన్నొ యాయె మగత పోదు
చేత నేమి లేదు చెప్పుకొందును నీకె
వింటివంటె చాలు వేంకటేశ

ఇందులోనూ యతి ఎక్కడా తప్పలేదు. మం-మ, చే-చె, విం-వే. దేవుడికి ఒక్క విశేషణం కూడా లేదు. ఇది చదివాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "ఇప్పుడెలా ఉన్నారమ్మా?" అని అడిగారు.

ఇలాంటి చోట నియమం మేలే చేస్తుందని నేను నమ్మడానికి పెద్ద కారణం దాశరథీ శతకం. "దాశరథీ కరుణాపయోనిధీ" పదకొండు అక్షరాలు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం. చంపకమాలకి 21, యతి పదకొండో అక్షరం. లెక్క వేసి చూడండి, రెండింట్లోనూ "దా" సరిగ్గా యతి స్థానంలో పడుతుంది. అంటే పద్యం తరవాత పద్యం రామదాసు చివరి పాదాన్ని దకు చెల్లే అక్షరంతోనే ఎత్తుకోవాలి. "భండనభీము" పద్యంలో దీనికి తోడు "ండ" ప్రాస కూడా ఉంది. చివరి పాదం తవర్గంతో మొదలవ్వాలి, రెండో అక్షరం ండ కావాలి. ఇంత ఇరుకులో ఆయనకి దొరికింది "మత్తవే-దండము". మదించిన ఏనుగు! మాటని రెండు పాదాల మధ్య విరిచి "దండము నెక్కి చాటెదను" అని ఎత్తుకున్నాడు. రాముడికి సాటి దైవం లేడని భేరీ మోగించి చాటేవాడు ఏనుగెక్కి చాటడం కంటే ఏం కావాలి? ఆయన మనసులో ఏది ముందు పుట్టిందో మనకి తెలియదు. కానీ ఆ ఇరుకు లేకపోతే ఆ ఏనుగు వచ్చేది కాదేమో అనిపిస్తుంది నాకు. ఇక్కడ యతికోసం వచ్చిన మాట పద్యాన్ని మోస్తోంది. పైన "వేదవేద్య" మోసింది ఖాళీ చోటుని.

కొత్తగా రాసేవాళ్ళు ఉత్పలమాలతో మొదలుపెట్టి ప్రాస దగ్గర చిక్కుకుంటుంటే నాకు బాధగా ఉంటుంది. ప్రాస నాలుగు పాదాలనీ బిగిస్తుంది కాబట్టి, మీరు వదులుకోలేని మాట ఏదో దాని రెండో అక్షరాన్నే ప్రాసగా పెట్టుకోండి. "అమ్మ" వదలలేకపోతే మ్మ ప్రాస పెట్టుకోండి. నమ్మి, వమ్ము, సొమ్ము, నెమ్మది అన్నీ పలుకుతాయి, ఎందుకంటే ప్రాసలో హల్లు కలిస్తే చాలు, అచ్చు ఏదైనా ఫరవాలేదు. అదే ఠకారమో ఘకారమో పడిందంటే మూడో పాదానికే నిఘంటువు తెరవాలి. అక్కడ మొదలయ్యేది వెతుకులాట, అందులో ప్రార్థన ఉండదు. అంత గుండెబరువుతో ఉన్నప్పుడు ఆటవెలదో తేటగీతో చాలు. వాటికి ప్రాస నియమం లేదు, యతి కుదరకపోతే రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి వేసుకోవచ్చు. "మందు"తో మొదలైన పాదంలో మకారం దొరక్కపోతే "ఎందు" చెల్లుతుంది.

ఆ రోజే ఒక పెద్దాయన "యాయె" మీద అభ్యంతరం చెప్పారు. "అయ్యె" అనాలట, గణం చెడదు కూడా. ఆయన చెప్పింది వ్యాకరణంగా సబబే. కానీ ఆవిడ ఇంట్లో మాట్లాడేది "ఎన్ని మందులాయె" అనే. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పలుకు అది. ఛందస్సుకి ఏ లోటూ లేనప్పుడు ఆ మాటని మార్చడానికి నేను ఒప్పుకోలేదు, ఆవిడా ఒప్పుకోలేదు. పద్యం అలాగే ఉంది.