టైమవుట్ వస్తే "Failed" అని ఎలా చూపిస్తారు?

సర్వర్ నుంచి జవాబు రాలేదన్న ఒక్క కారణంతో డబ్బు పంపే యాప్ తెర మీద "Transaction Failed" అని వేస్తే అది పచ్చి అబద్ధం. జవాబు రాలేదన్నది మాత్రమే ఆ యాప్‌కి తెలుసు. డబ్బు వెళ్లిందా లేదా అన్నది దానికి తెలియదు. ఆ అబద్ధానికి మా రాయగడ జిల్లాలో చిన్న షాపుల వాళ్లు సొంత డబ్బు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఇంత పెద్ద పోస్ట్.

గుణుపురంలో మా మావయ్యకి డబ్బు పంపే షాపు ఉంది. విశాఖలో చదువుకుంటున్న పిల్లలకి పంపడానికి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు నగదు పట్టుకొస్తారు. వాన పట్టిందంటే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అలాంటి రోజున ఒకాయన కొడుకు ఫీజు కోసం 5,000 తెచ్చాడు. మావయ్య బటన్ నొక్కాడు. రిక్వెస్ట్ సర్వర్‌కి చేరింది, వాలెట్‌లో 5,000 తగ్గింది, అబ్బాయి ఖాతాలో పడింది. సర్వర్ జవాబు పంపింది కానీ అది ఫోన్‌కి చేరలేదు. యాప్ తన గడువు అయ్యేదాకా చూసి "Transaction Failed" అని వేసింది. మావయ్య మళ్లీ నొక్కాడు. ఈసారి జవాబు వచ్చింది. వాలెట్‌లో మొత్తం 10,000 తగ్గింది, చేతికి వచ్చింది 5,000. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "రెండూ సక్సెస్ సార్, రెండుసార్లూ మీరే నొక్కారు" అన్నారు. "ఫెయిలని వాళ్లే చెప్పారు కదరా, మళ్లీ నొక్కక ఏం చేస్తాను?" అని మావయ్య నన్ను అడిగాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది?

రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ఉంది కదా అని కొందరంటారు. ఐఎంపీఎస్‌లో పంపినవాళ్ల ఖాతాలో డబ్బు తగ్గి అవతల జమ కాకపోతే మర్నాటికల్లా వెనక్కి వేయాలి, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు ఇవ్వాలి అని అందులో ఉంది. ఇక్కడ రెండుసార్లూ జమ అయింది. లెక్క ప్రకారం ఏదీ ఫెయిల్ కాలేదు. ఆ రెండో 5,000 తిరిగి రావాలంటే ఆ తండ్రీకొడుకుల మంచితనమే దిక్కు.

ప్రోగ్రామర్లకి ఇది ఎందుకు తట్టదు? వాళ్లు రాసే కోడ్ ఇలా ఉంటుంది కాబట్టి:

```python
try:
    bank.transfer(acct, 5000)
    show("Success")
except Exception:
    show("Transaction Failed")
```

`bank.transfer` చూడ్డానికి మామూలు ఫంక్షన్‌లాగే ఉంది. నిజానికి అది గుణుపురంలోని ఫోన్ నుంచి ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్లి రావాలి. దీన్నే రిమోట్ ప్రొసీజర్ కాల్, ఆర్‌పీసీ అంటాం. మధ్యలో ఉన్న నెట్‌వర్క్‌ని దాచేసి, అవతలి మెషిన్‌లోని పనిని మన మెషిన్‌లో పనిలా పిలవనివ్వడమే దాని ఆకర్షణ. మామూలు ఫంక్షన్‌కి రెండే ముగింపులు అలవాటు: అయింది, లేదా ఎర్రర్. నెట్‌వర్క్ మూడోదాన్ని తెస్తుంది: ఏమైందో తెలియదు. ఆ మూడోది కూడా `except`లోనే వచ్చి పడుతుంది, ప్రోగ్రామర్ దాన్ని ఎర్రర్ అనుకుంటాడు.

దీన్ని మొదట్లో కట్టినవాళ్లు మాత్రం ఏదీ దాచలేదు. జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో బిరెల్, నెల్సన్ ఆర్‌పీసీని ఎలా కట్టారో 1984లో రాసిన పేపర్‌లో మాట స్పష్టంగా ఉంది. కాల్ తిరిగి వస్తే ఆ పని సరిగ్గా ఒక్కసారే జరిగినట్టు. ఎక్సెప్షన్ వస్తే ఒక్కసారి జరిగి ఉండొచ్చు, అసలు జరగకపోయి ఉండొచ్చు, ఏదన్నది మీకు చెప్పం. పదేళ్ల తర్వాత, 1994లో, దూరంగా ఉన్న వస్తువుని దగ్గరున్నదానిలా చూపించే ఈ పద్ధతే తప్పని సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీర్లు వాదించారు. ఇప్పటి జీఆర్‌పీసీ డాక్యుమెంటేషన్‌లోనూ `DEADLINE_EXCEEDED` పక్కన, పని విజయవంతంగా పూర్తయినా ఈ ఎర్రర్ రావచ్చని రాసి ఉంది. రాసినవాళ్లు రాశారు, చదవాల్సినవాళ్లు చదవలేదు.

గడువు పెంచితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. 10 సెకన్లు కాకపోతే 60 పెట్టుకోండి. రిక్వెస్టే దారిలో పోయిందా, పని జరిగి జవాబు పోయిందా, సర్వర్ ఇంకా చేస్తూనే ఉందా అన్నది ఫోన్ వైపు నుంచి చూస్తే అరవయ్యో సెకన్‌లోనూ ఒకేలా ఉంటుంది. గడువు పెంచితే కొన్ని ఆలస్యపు జవాబులు దొరుకుతాయి, అంతే. పోయిన జవాబు రాదు.

చేయాల్సిన పని వేరే ఉంది. ప్రతి లావాదేవీకీ ఫోనే ఒక నంబర్ తయారుచేసి, పంపే ముందే తనలో దాచుకోవాలి. మళ్లీ నొక్కితే అదే నంబర్ వెళ్లాలి. ఆ నంబర్ పని ఇదివరకే అయి ఉంటే సర్వర్ మళ్లీ డబ్బు కదపకుండా పాత జవాబే ఇవ్వాలి. వినడానికి సులువే కానీ దీన్ని చెడగొట్టే దారులు చాలా ఉన్నాయి. నేను ఎక్కువగా చూసింది బటన్ నొక్కిన ప్రతిసారీ కొత్త నంబర్ పుట్టించడం. అలా చేస్తే నంబర్ ఉన్నా లేనట్టే, సర్వర్‌కి అవి రెండు వేర్వేరు లావాదేవీలు. ఎంత పంపాలో, ఏ ఖాతాకో నింపే పేజీ తెరిచినప్పుడే నంబర్ పుట్టాలి, ఫలితం ఖాయంగా తెలిసేదాకా మారకూడదు. సర్వర్ వైపు కూడా నంబర్ రాసుకోవడం, డబ్బు తగ్గించడం ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో జరగాలి. డబ్బు తగ్గించాక, నంబర్ రాసేలోపు సర్వర్ పడిపోతే మళ్లీ మొదటికే వస్తాం.

ఇక "స్టేటస్ అడిగితే పోలా" అనేవాళ్లకి. టైమవుట్ వచ్చాక ఫోన్ స్టేటస్ అడిగింది, "అలాంటి నంబర్ లేదు" అని సర్వర్ చెప్పింది. అమ్మయ్య, వెళ్లలేదు అనుకుని మావయ్య ఆ పెద్దాయనకి నగదు తిరిగి ఇచ్చేశాడనుకోండి. అసలు రిక్వెస్ట్ ఇంకా దారిలో ఏ క్యూలోనో ఉండి, స్టేటస్ అడిగిన తర్వాత సర్వర్‌కి చేరితే? డబ్బు అప్పుడు వెళుతుంది. కాబట్టి "లేదు" అన్న జవాబు ఆ క్షణానికే నిజం. నగదు వెనక్కి ఇవ్వాలంటే అడిగితే చాలదు, ఆ నంబర్‌ని రద్దు చేయించాలి. అది ఇంకా రాకపోయినా రద్దయిందని సర్వర్ రాసుకుని, తర్వాత వస్తే తిప్పి పంపేయాలి. రద్దుకి ఖాయమైన జవాబు వచ్చేదాకా తెర మీద "జవాబు రాలేదు, ఇంకా తేలలేదు" అనే ఉండాలి. కస్టమర్ విసుక్కున్నా పర్వాలేదు.

ఈ యాప్‌లు తయారుచేసేవాళ్లు నెట్ ఆపేసి, ఎర్రర్ చూపిస్తోందో లేదో చూసి పరీక్ష అయిపోయిందంటారు. అలా ఆపితే పోయేది రిక్వెస్ట్. మా షాపుల్లో పోతున్నది జవాబు. సర్వర్ డేటాబేస్‌లో కమిట్ అయిన తర్వాత, జవాబుని మాత్రం మధ్యలో ప్రాక్సీ పెట్టి మింగేయండి. తర్వాత ఫోన్‌లో మళ్లీ నొక్కి, డేటాబేస్‌లో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టండి. రెండు కనిపిస్తే ఆ యాప్‌ని ఎవరి షాపుకీ ఇవ్వకండి.