ముందు ఆఖరి వాక్యం రాయండి

అక్టోబరులో ఈశాన్య రుతుపవనం రాకముందే వాననీటి మీద మాట్లాడమని చెన్నైలోని అపార్ట్‌మెంట్ సంఘాలు, తెలుగు సంఘాలు ఎవరినో ఒకరిని పిలుస్తుంటాయి. పిలుపు అందుకున్నవారు కాగితం పైన ‘నీటి ప్రాముఖ్యం’ అని రాసుకుని, తమకు తెలిసిందంతా దాని కింద పేర్చుకుంటూ పోతారు. విన్నవాళ్లు చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లిపోతారు. ఈ వరసను తిరగెయ్యాలని మేము గట్టిగా నమ్ముతున్నాం. సభ ముగిశాక విన్నవారు ఏం చెయ్యాలో మొదట తేల్చుకుని, అక్కణ్ణుంచి వెనక్కి నడుస్తూ ప్రసంగాన్ని కట్టుకోవాలి.

‘నీటిని పొదుపు చేద్దాం’ అన్నది పని కాదు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, అయిందని ఎలా తెలుస్తుంది అన్న నాలుగూ ఉంటేనే అది పని. ఉదాహరణకు: ‘ప్రతి అపార్ట్‌మెంట్ నుంచి ఇద్దరు, వచ్చే ఆదివారం పొద్దున, మేడ మీద వాననీటి గొట్టంలో రెండు బకెట్ల నీళ్లు పోసి, అవి ఇంకుడు గుంతకు చేరుతున్నాయో లేదో చూడాలి.’ ప్రసంగంలో ఇది చివరి వాక్యం, రాతలో మొదటిది.

ఇప్పుడు వెనక్కి ఒక అడుగు వేసి, ఈ పనికి అడ్డేమిటని అడగాలి. గుంత ఎక్కడుందో చాలామందికి తెలియదు. మేడ తాళం సెక్రటరీ దగ్గరో, వాచ్‌మన్ దగ్గరో ఉంటుంది. ఒకరు పైన పోస్తుంటే ఇంకొకరు కింద మూత తీసి చూడాలి, అందుకే ఇద్దరు. చూడటమే తప్ప గుంతలోకి దిగకూడదు; మూసి ఉన్న గుంతలో గాలి ప్రాణాలకే ప్రమాదం కావచ్చు. నీళ్లు రాకపోతే గొట్టం నోట్లో ఆకులు చేరాయా, అతుకు ఊడిందా, రంగులు వేసినప్పుడో మరమ్మతు చేసినప్పుడో గొట్టాన్ని వీధి కాలువలోకి మళ్లించారా అని వరసగా చూడాలి. నీళ్లు వచ్చి గుంతలోనే నిలిచిపోతుంటే పైనున్న ఇసుక, కంకర పొర పూడుకుపోయిందన్నమాట. దాన్ని తీసి కడిగి మళ్లీ పరవాలి. ఇరవై నిమిషాల ప్రసంగంలో సగం ఈ అడ్డంకులకే ఇవ్వాలి. ఆదివారం పొద్దున మనిషి ఆగిపోయేది ఇక్కడే.

ఇంకొక అడుగు వెనక్కి వెళ్తే, వాళ్లు అసలు ఎందుకు కదలాలి? ‘మా ఇంట్లో గుంత ఉందిగా’ అన్న ధీమా పెద్ద అడ్డు. తమిళనాడులో వాననీటి సేకరణ 2003లోనే అన్ని భవనాలకూ తప్పనిసరి అయింది. అయితే గుంత ఉండటం వేరు, పనిచేయడం వేరు. ఇక్కడ ఒక్క లెక్క చాలు. కప్పు 2,400 చదరపు అడుగులు, అంటే మన చెన్నై లెక్కలో ఒక గ్రౌండ్ అనుకుందాం. 50 మిల్లీమీటర్ల వాన పడితే దాని మీద సుమారు 11,000 లీటర్లు కురుస్తాయి. ఆవిరీ తడీ పోను ఐదింట నాలుగు వంతులు దక్కినా దాదాపు 9,000 లీటర్లు, ఒక ట్యాంకర్ లారీ. ప్రసంగం మొదలు కావాల్సింది ఈ లారీతోనే.

తెలుగువాళ్ల సభ అనగానే తెలుగుగంగ చెప్పాలనిపిస్తుంది. 1983 ఒప్పందం, 1996లో కృష్ణా నీళ్లు చెన్నై దగ్గరి పూండి జలాశయానికి చేరడం మనకు గర్వకారణాలే. 2019లో చెన్నై జలాశయాలు ఎండిపోయిన సంగతీ చిన్నది కాదు. కానీ ప్రతి భాగాన్నీ ఒక్క ప్రశ్నతో తూచాలి: ఇది తీసేస్తే ఆదివారం మేడ ఎక్కేవాళ్లు తగ్గుతారా? తగ్గకపోతే తీసెయ్యాలి. అదే సభలో నీటిపారుదల అధికారులు కూర్చుని, కోరే పని కాలువ మరమ్మతైతే, అప్పుడు తెలుగుగంగే నడిమధ్యకు వస్తుంది, బకెట్లు పోతాయి.

కోరే పని విన్నవారి చేతిలో ఉండాలి. అద్దెకున్నవారిని కొత్త గుంత తవ్వించమంటే వాళ్లు ఇంటి యజమాని పేరు చెప్పి ఊరుకుంటారు. బకెట్ నీళ్లు పోయడం మాత్రం వాళ్ల వల్ల అవుతుంది. రెండు పనులు కోరడం కూడా పొరపాటే. వాటిలో తేలికైనదాన్ని చేసి, రెండోదీ చేసినట్టే భావిస్తారు.

లేచి వెళ్లేలోపు ఒక కాగితం తిప్పి అపార్ట్‌మెంట్ పేరు, ఇద్దరి పేర్లు రాయించాలి. సోమవారం వాళ్లకు ఫోన్ చెయ్యాలి. ఎవరూ మేడ ఎక్కలేదంటే కోరిన పని పెద్దదైంది, లేదా స్పష్టంగా లేదు. ఎక్కి, నీళ్లు రాకపోవడం చూసి అక్కడే ఆగిపోయారంటే అడ్డంకుల భాగం చాలలేదు. తర్వాతి కాలనీలో మాట్లాడే ముందు ఆ భాగం ఒక్కటే తిరగరాస్తే సరిపోతుంది.