రెండో ట్యూబ్‌లైట్ వేసినా పోని మబ్బు

కిందటి దసరాకి ముందు మా ఫ్లాట్‌లో చిన్న గదికి రంగు వేయించాను. అంతకుముందు ఉన్నది లేత క్రీమ్. షేడ్ కార్డులో ఒక బూడిద రంగు చూడముచ్చటగా కనిపించింది, అదే ఖాయం చేశాను. వేయించాక మధ్యాహ్నం మూడింటికే లైటు వేసుకోవాల్సి వచ్చింది. మా అమ్మ గుమ్మంలో నిలబడి "ఏంట్రా, గదికి మబ్బు పట్టినట్టుంది" అంది. రంగు అమ్మిన షాపతనికి ఫోన్ చేస్తే "ఇంకో ట్యూబ్‌లైట్ వేయించండి సార్" అన్నాడు. వేయించాను. మబ్బు అలాగే ఉంది, కరెంటు బిల్లే పెరిగింది.

షాపతని మీద నాకు కోపం లేదు. అసలు కోపం ఏంటంటే, ఈ గది ఇలా అవుతుందని చెప్పే నంబరు ఒకటుంది, నేను కొన్న రంగు పేజీలో అది రాసే ఉంది, కానీ దాని సంగతి నాకెవరూ చెప్పలేదు. షేడ్ కోడ్ పక్కన LRV అని ఉంటుంది. కొన్ని కంపెనీలు కార్డు వెనక వేస్తాయి, కొన్ని వెబ్‌సైట్‌లో పెడతాయి. నా బూడిద రంగుకి 35.

ఎల్‌ఆర్‌వీ అంటే గోడ మీద పడిన వెలుగులో ఎంత శాతం తిరిగి వస్తుందో చెప్పే లెక్క. సున్నా అంటే మొత్తం మింగేసినట్టు, వంద అంటే మొత్తం తిప్పి పంపినట్టు. మంచి తెల్ల ఎమల్షన్ 85 దాటుతుంది, నల్ల రంగు 5 దగ్గర ఉంటుంది. ఈ లెక్కలో అన్ని రంగుల వెలుగునీ ఒకేలా తూచరు. మన కంటికి ఆకుపచ్చ, పసుపు వెలుగు ఎక్కువ ఆనుతుంది, నీలం తక్కువ ఆనుతుంది, ఆ ప్రకారమే తూకం. అందుకే ముదురు పసుపు గోడ ఎంత గాఢంగా ఉన్నా గదిని చీకటి చేయదు, అంతే గాఢమైన నీలం చేస్తుంది.

మరి కార్డులో చూసినప్పుడు నాకెందుకు తెలియలేదు? రెండు కారణాలు. మొదటిది, మన కన్ను వెలుగుని సూటిగా కొలవదు. 18 శాతం వెలుగు తిప్పే బూడిద రంగు మనకి తెలుపుకీ నలుపుకీ సరిగ్గా మధ్యలో ఉన్నట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు కార్డులో 35 ఉన్న రంగు ముక్క లేత రంగులా అనిపించడంలో వింత లేదు. రెండోది, అసలైనది: కార్డు మీద వెలుగు ఒక్కసారి పడి మన కంట్లోకి వస్తుంది. గదిలో అలా కాదు. ఈ గోడ మీద పడి ఎదుటి గోడకి, అక్కణ్నుంచి సీలింగ్‌కి, మళ్లీ నేలకి తిరుగుతూనే ఉంటుంది. ప్రతి మజిలీలో గోడ తన వాటా మింగుతుంది. ముక్కలో కనిపించిన చిన్న తేడా గదిలో చక్రవడ్డీలా పెరుగుతుంది.

మా గది లెక్కే చెబుతాను. పది అడుగులు బై పన్నెండు, ఎత్తు పది. సీలింగ్ 120 చదరపు అడుగులు, నేల 120, నాలుగు గోడలు 440. అందులో కిటికీ, తలుపు, గోడకి బిగించిన బీరువా ఒక 100 పోతే రంగు పడేది 340. సీలింగ్ తెలుపు కాబట్టి 80 శాతం, టైల్స్ నేల 40, తలుపులూ గట్రా 20 వేసుకున్నాను. ఇవి నా అంచనాలే. పాత క్రీమ్ ఎల్‌ఆర్‌వీ 75. ఒక్కో భాగాన్ని దాని విస్తీర్ణంతో గుణించి మొత్తం 680తో భాగిస్తే గది సగటు 0.62 వచ్చింది. బూడిద రంగుతో 0.42.

ఈ సగటుని, ఒకటిలోంచి అదే సగటు తీసేయగా మిగిలినదానితో భాగిస్తే, గదిలో తిరిగే వెలుగు నేరుగా వచ్చే వెలుగుకి ఎన్ని రెట్లో తెలుస్తుంది. క్రీమ్‌కి 1.6, బూడిదకి 0.7. అంటే ట్యూబ్‌లైట్ అదే, వాట్లు అవే, తిరిగే వెలుగు మాత్రం సగానికంటే కిందికి పడిపోయింది. పైగా గది వెలుగుగా ఉందా లేదా అని మనం తేల్చుకునేది ఎక్కువగా గోడలు చూసే. గోడ మీద పడే వెలుగే తగ్గింది, అందులోనూ 75 బదులు 35 శాతమే వెనక్కి వస్తోంది. రెండూ కలిపితే మా గోడ ఇదివరకటి వెలుగులో మూడో వంతు కూడా ఇవ్వడం లేదు. రెండో ట్యూబ్‌లైట్ వేశాక కూడా పాతదాంట్లో అరవై శాతం చిల్లరే. బల్ల మీద పుస్తకం మాత్రం బాగానే కనిపించేది, ఎందుకంటే దానిమీద నేరుగా పడే వెలుగు రెట్టింపైంది. మూలలు మాత్రం మబ్బులోనే ఉండిపోయాయి.

మీ గోడ నంబరు మీకు తెలియకపోతే ఫోన్ చాలు. లక్స్ మీటర్ యాప్ వేసుకుని, ముందు కెమెరా వైపు ఉండే సెన్సర్‌ని గది వైపు తిప్పి ఫోన్ గోడకి ఆనించండి. అది గోడ మీద పడే వెలుగు. తర్వాత సెన్సర్‌ని గోడ వైపు తిప్పి, మీ నీడ పడకుండా ఒక అడుగు వెనక్కి జరపండి. అది తిరిగి వచ్చే వెలుగు. నాకు 92, 33 వచ్చాయి. భాగిస్తే 0.36. ల్యాబ్ లెక్క కాదు, ఫోన్ సెన్సర్ ఖచ్చితంగా ఉండదు. కానీ రెండు కొలతలూ అదే ఫోన్‌తో తీస్తాం కాబట్టి నిష్పత్తి దగ్గర్లోనే వస్తుంది. కిటికీ పక్క గోడ కాకుండా, వెలుగు సమంగా పడే గోడ ఎంచుకోండి.

మా మేస్త్రీ "గ్లాసీ వేసుంటే వెలుగొచ్చేది సార్" అన్నాడు. రాదు. నిగనిగలాడే గోడలో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం కనిపిస్తుంది, వెలుగు కొంత ఒకే వైపుకి పోతుంది. రంగు మింగేది మింగుతూనే ఉంటుంది. పైగా పుట్టీ ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి.

ఇంకో సరదా సంగతి. మా ఊళ్లో సంక్రాంతికి సున్నం వేసేటప్పుడు అందులో కాస్త నీలిమందు కలిపేవాళ్లు. గోడ మరింత తెల్లగా ఉందనేవాళ్లు. కొలిస్తే ఎల్‌ఆర్‌వీ ఒక వెంట్రుకవాసి తగ్గాలి, ఎందుకంటే నీలిమందు వెలుగుని మింగేదే. పసుపు ఛాయ పోయింది కాబట్టి కంటికి తెల్లగా కనిపించేది. తెల్లగా కనిపించడం వేరు, వెలుగు తిప్పడం వేరు అని నాకు బాగా ఎక్కింది అక్కడే.

ఈ నంబరు అన్నీ చెప్పదు. అది పగటి వెలుగులాంటి ప్రామాణిక వెలుగు కింద కట్టింది, కాబట్టి పసుపు బల్బు కింద నీలం గోడ దానికంటే తక్కువే తిప్పుతుంది. రెండు గోడల నిండా ముదురు చెక్క రంగు వార్డ్‌రోబ్‌లు ఉన్న గదిలో మిగతా గోడలకి ఏం వేసినా పెద్ద మార్పుండదు. కిటికీయే లేని చోట 85 వేసినా తిప్పడానికి వెలుగుండాలి కదా.

చివరికి నేను మూడు గోడలకి 78 ఉన్న రంగు వేయించాను. కిటికీ ఉన్న గోడకి కూడా అదే. ఆ గోడ ముదురుగా ఉంటే కిటికీ పక్కన మరీ నల్లగా కనిపించి కళ్లు లాగుతాయి. మంచం తలవైపు గోడ మాత్రం బూడిద రంగులోనే ఉంచాను, డబ్బు పెట్టి కొన్నాను కాబట్టి. రెండో ట్యూబ్‌లైట్ ఇంకా గోడకే ఉంది. మొన్న తుడుద్దామని చూస్తే దాని మీద సాలెగూడు.