ఆపేద్దామా, ఆపేద్దాం, ఆపేస్తాను

ఇంటర్న్‌గా చేరిన రెండో సోమవారం, "ఇవాళ మీటింగ్ నోట్స్ నువ్వు రాయి" అన్నారు మా లీడ్. మాదాపూర్‌లో చిన్న ఆఫీసు, బడులకు ఫీజుల యాప్ చేస్తాం. కాలేజీలో లెక్చరర్ దగ్గినా రాసుకున్న చెయ్యి నాది. గంట మీటింగ్‌కి ఏడు పేజీలు నింపేశాను. సమోసాలు మెత్తబడ్డాయన్న మాట కూడా వదల్లేదు.

"ఇందులోంచి యాక్షన్ ఐటమ్స్ తీసి సాయంత్రానికి మెయిల్ పెట్టెయ్" అన్నారు చివర్లో. టేబుల్‌లో మూడు గళ్ళు: పని, ఎవరు, ఎప్పటికి. తీరా వెతికితే ఏడు పేజీల నిండా 'చూద్దాం', 'చేద్దాం', 'ఒకసారి కూర్చుందాం'. మన భాషలో ఈ 'దాం' ఉంది చూశారూ, అందులో అందరూ ఉంటారు, అడిగితే ఒక్కరూ దొరకరు. పెళ్ళి పందిట్లో "ఆకులు తీసేద్దాం" అని ఎవరైనా అంటే అందరూ చెయ్యి కడుక్కోవడానికి లేచినట్టు.

ఖాళీ గళ్ళతో పంపితే పరువు తక్కువని ఊహించి నింపాను. నాలుగో పేజీలో ఇలా ఉంది: "పాత రిమైండర్లు ఆపేద్దామా? శ్రీనివాస్‌ని అడగాలి." దాన్ని చెక్కి చెక్కి, "రిమైండర్లు ఆపేయాలి, శ్రీనివాస్, వెంటనే" అని పెట్టాను. 'పాత' అన్న మాట గడిలో పట్టలేదు. ప్రశ్న గుర్తు యాక్షన్ ఐటమ్‌లో బాగుండదనిపించింది.

మా ఆఫీసులో శ్రీనివాసులు ముగ్గురు. డేటాబేస్ శ్రీనివాస్, టెస్టింగ్ శ్రీనివాస్, అకౌంట్స్ శ్రీనివాసరావు గారు. మెయిల్లో `sri` అని కొట్టగానే పైన వచ్చిన పేరు మీద ఎంటర్ నొక్కాను.

మీటింగ్‌లో వాళ్ళు మాట్లాడుకున్నది తల్లిదండ్రులకు వెళ్ళే ఎస్సెమ్మెస్‌ల సంగతి. కొత్త పద్ధతిలో ఒకటి, పాత పద్ధతిలో ఒకటి, ఒకే ఫీజుకి రెండేసి వెళ్తున్నాయి. శ్రీనివాసరావు గారికి మాత్రం రిమైండర్ అంటే ఒక్కటే. మనకు డబ్బులు బాకీ ఉన్న బడులకు రోజూ పొద్దున్నే ఆయన చేసే ఫోన్లు. ఆపమన్నారు, ఆపేశారు.

మూడు వారాలు ఆఫీసు ప్రశాంతంగా ఉంది. బడుల వాళ్ళు మరీ ప్రశాంతంగా ఉన్నారు. నెలాఖరుకి వసూళ్ళు చూసి మేనేజర్ గారు కేకేస్తే, శ్రీనివాసరావు గారు నిదానంగా ఫైలు తెరిచి నా మెయిల్ ప్రింటు తీశారు. 'వెంటనే' కింద ఎర్ర గీత.

అందరూ నా వైపు చూశారు. నేను సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాను. అక్కడ ఫ్యాన్ లేదు, ఏసీ.

ఆ సాయంత్రం లీడ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏడు పేజీలూ తిప్పించారు. "ప్రతి మాటకీ తోక చూడు. 'ఆపేద్దామా' అంటే ఇంకా చర్చే. 'ఆపేద్దాం' అంటే నిర్ణయం, అదీ ఎవరూ కాదనకపోతేనే. 'నేను ఆపేస్తాను' అని ఒక మనిషి నోటితో అంటేనే యాక్షన్ ఐటమ్." అలా జల్లెడ పడితే ఏడు పేజీల్లో మిగిలినవి మూడు. అందులో ఒకటి సమోసాల కొట్టు మార్చడం.

"మరి గడి ఖాళీగా ఉంటేనో?" అన్నాను.

"మెయిల్ పెట్టాక ఊహించకు, మీటింగ్‌లోనే అడుగు. చివరి ఐదు నిమిషాల్లో పైకి చదివెయ్. ఎవరి పనో వాళ్ళు తలూపాలి. 'శుక్రవారం కల్లా' అంటే ఏ శుక్రవారమో తేదీ వేయించు. పని ఎక్కడ పూర్తయినట్టో కూడా రాయి."

ఇద్దరం కూర్చుని నా ఘనకార్యాన్ని తిరగరాశాం: "పాత పద్ధతి ఎస్సెమ్మెస్‌లు మాత్రమే అందుతున్న బడులు ఎన్నో లెక్క తీసి, 12వ తేదీ గురువారం సాయంత్రం 5 గంటలకల్లా లీడ్‌కి పంపాలి. డేటాబేస్ శ్రీనివాస్." ఆపడమనే మాటే లేదు. ఆ లెక్క వచ్చాక గదా ఆపాలో వద్దో తేలేది.

మర్నాడు శ్రీనివాసరావు గారి దగ్గరికెళ్ళి తప్పు ఒప్పుకుని, ఫోన్లు మళ్ళీ మొదలుపెట్టమని బతిమాలాను. ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"నోటిమాట మీద ఎలా బాబూ? ఆపమని రాసిచ్చావు, మొదలెట్టమనీ రాసివ్వు."

పరుగున వచ్చి మెయిల్ కొట్టాను: "బాకీ ఉన్న బడులకు ఫోన్లు తిరిగి మొదలుపెట్టాలి, అకౌంట్స్ శ్రీనివాసరావు గారు, ఈరోజే." ఈసారి పేరు రెండుసార్లు సరిచూసుకున్నాను.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "ఈరోజు అనగా పొద్దుటి పూటా, మధ్యాహ్నమా? తేదీ వేయలేదు. ఎవరు మొదలెట్టమన్నారో కూడా రాయగలరు."